కాంట్రాక్టర్‌కి వాట్సాప్‌లో పని అడగాలంటే: ఏ పని వచ్చో, ఎక్కడిదాకా వచ్చో రాయండి

ప్రశ్న: ఇంటి వైరింగ్‌లో రెండేళ్లు హెల్పర్‌గా చేశా. డీబీ, అంటే ఇంటి మొత్తానికి కరెంట్ పంచే బోర్డు, దాని కనెక్షన్లు మాత్రం మేస్త్రి చేస్తుంటే పక్కన ఉన్నా, ఒక్కడినే చేయలేదు. ఇప్పుడు మా మేస్త్రి ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ గారి వాట్సాప్ నంబర్ ఇచ్చాడు. ఇంతకు ముందు వేరే వాళ్లకి "హాయ్ సార్, జాబ్ కావాలి" అని పెడితే చూసి వదిలేశారు. ఈసారి ఏమని పెట్టాలి?

సమాధానం:

ముందు మెసేజ్ ఇచ్చేస్తా, కారణాలు తర్వాత చెప్తా. నేను చిన్న స్థాయిలో వైరింగ్ కాంట్రాక్టులు చేయిస్తుంటా, నా దగ్గర పని చేసేవాళ్లలో చాలామంది ఇలా ఫోన్‌లో మెసేజ్ పెట్టి వచ్చినవాళ్లే. మీ వివరాలతో అయితే ఇలా పెట్టండి, మీకు సరిపోని ముక్క ఉంటే తీసేయండి:

> నమస్తే సార్. ఇంటి వైరింగ్ హెల్పర్‌ని, 2 ఏళ్లు చేశాను, పని కోసం అడుగుతున్నా.
> స్లాబ్ పైపులు, గోడ కటింగ్, వైర్ లాగడం, స్విచ్ బోర్డు ఫిట్టింగ్ సొంతంగా చేస్తా. డీబీ కనెక్షన్లు మేస్త్రి పక్కన ఉండి చేశా, ఒక్కడినే చేయలేదు.
> సోమవారం నుంచి రాగలను. చేతి పనిముట్లు నావే ఉన్నాయి.
> మీ నంబర్ ఫలానా మేస్త్రి గారు ఇచ్చారు, నా పని గురించి ఆయన్ని అడగొచ్చు.
> నా పేరు ఫలానా, ఉండేది ఫలానా ఏరియా. సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేసినా మాట్లాడతా సార్.

అంతే. ఇదంతా ఒకే మెసేజ్‌గా పెట్టాలి, ముక్కలు ముక్కలుగా కాదు. ముందు "హాయ్ సార్" అని పెట్టి ఆయన రిప్లై ఇచ్చాక మిగతాది చెబుదాం అనుకుంటే ఆ రిప్లై రాదు. తెలియని నంబర్ నుంచి వచ్చిన "హాయ్ సార్" లో ఆయన జవాబు చెప్పడానికి ఏమీ లేదు కదా, అది లోన్ వాళ్లదో, ప్లాట్లు అమ్మేవాళ్లదో, పని అడిగేవాళ్లదో ఆయనకి ఎలా తెలుస్తుంది.

అవతలి ఫోన్‌లో మీ మెసేజ్ ఎలా కనబడుతుందో ఒకసారి ఊహించుకోండి. కాంట్రాక్టర్ ఏ టైమ్‌లో అయినా సైట్‌లోనో, మెటీరియల్ షాపులోనో, ఇంటి ఓనర్‌తో మాటల్లోనో ఉంటాడు. ఫోన్ మోగితే జేబులోంచి తీసి నోటిఫికేషన్‌లో పడిన మొదటి ఒకటి రెండు లైన్లే చూస్తాడు, మళ్లీ జేబులో పెట్టేస్తాడు. ఆ లైన్లలో "ఇంటి వైరింగ్ హెల్పర్, 2 ఏళ్లు" అని ఉంటే అది ఆయన పనికి సంబంధించిన విషయం. "గౌరవనీయులైన సార్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా" అని మొదలైతే అసలు సంగతి నోటిఫికేషన్‌లో పడదు. మర్యాదకి "నమస్తే సార్" చాలు, దాని వెనకే పని పేరు రావాలి.

ఇంకోటి, సాయంత్రం ఆయన వాట్సాప్ తెరిస్తే చాట్ లిస్ట్‌లో ప్రతి పేరు కింద ఆఖరి మెసేజ్ ఒక్కటే కనబడుతుంది. మీరు మంచి మెసేజ్ పెట్టి, దాని కింద "ప్లీజ్ సార్" అనో, చేతులు జోడించిన బొమ్మో, రెండు ప్రశ్న గుర్తులో పెట్టారనుకోండి, లిస్ట్‌లో కనబడేది అదే. మంచి మెసేజ్ దాని వెనక దాక్కుండిపోతుంది. అందుకే పెట్టాక ఇంకేమీ తగిలించకండి. తప్పు పడిందా, డిలీట్ కొట్టకండి, డిలీట్ చేశారని అక్కడ గుర్తు మిగిలిపోతుంది, అది చూస్తే ఎవరికైనా అనుమానమే. పెట్టిన 15 నిమిషాల లోపు అయితే ఎడిట్ చేయొచ్చు, మెసేజ్ మీద నొక్కి పట్టుకుంటే ఆ ఆప్షన్ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, అది ఏయే పనులు వచ్చో పేర్లు పెట్టి రాయడం. "ఆల్ ఎలక్ట్రికల్ వర్క్స్ చేస్తాను" అని రాసేవాళ్లే ఎక్కువ. చూడటానికి అది పెద్దగా కనబడుతుంది కానీ నాకు దాంతో ఏ ఉపయోగం ఉండదు. ఎందుకో చెప్తా.

ఇంటి వైరింగ్ అంతా ఒకే పని కాదు, అది బిల్డింగ్ పనితో పాటు విడతలుగా నడుస్తుంది. స్లాబ్‌కి ఇనుము కట్టాక, కాంక్రీట్ పోసే లోపు పైపులు, ఫ్యాన్ బాక్సులు వేసేయాలి. ఆ టైమ్ చాలా తక్కువ, కాంక్రీట్ వేసే రోజు ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది, మనకోసం ఆగదు. తర్వాత గోడలు లేచాక ప్లాస్టరింగ్‌కి ముందు గోడ కటింగ్, పైపులు, బాక్సులు పెట్టడం. ప్లాస్టరింగ్ ఆరాక వైర్ లాగడం. రంగులు దాదాపు అయ్యాక బోర్డులు, లైట్లు, ఫ్యాన్లు బిగించడం, డీబీ కనెక్షన్లు, టెస్టింగ్. ఒక్కో విడతకి కావాల్సిన మనిషి వేరు. స్లాబ్ అప్పుడు గబగబా కదిలే చేతులు కావాలి, ఎండలో నిలబడగలగాలి. ఫిట్టింగ్ అప్పుడు రంగు వేసిన గోడకి మరక అంటకుండా, బోర్డు వంకర పోకుండా నీట్‌గా చేసేవాడు కావాలి. డీబీ దగ్గర తెలిసినవాడే కూర్చోవాలి.

కాంట్రాక్టర్ బుర్రలో ఎప్పుడూ తిరిగేది ఈ లెక్కే, ఏ సైట్ ఏ విడతలో ఉంది, అక్కడ ఎవరు తక్కువయ్యారు అని. మీ మెసేజ్‌లో "వైర్ లాగడం, బోర్డు ఫిట్టింగ్" అని ఉంటే, వైర్ లాగే స్టేజ్‌లో ఉన్న సైట్ ఆయనకి వెంటనే గుర్తొస్తుంది. "ఆల్ వర్క్స్" అంటే ఏ సైటూ గుర్తు రాదు. ఇంకా చెప్పాలంటే "ఆల్ వర్క్స్" అన్న మనిషిని హెల్పర్‌గా లెక్కేయాలా మేస్త్రిగా లెక్కేయాలా, కూలీ ఎంత మాట్లాడాలి, పక్కన ఎవరిని పెట్టాలి, ఇవన్నీ మళ్లీ నేనే అడిగి తెలుసుకోవాలి. తీరిక లేని రోజు అడగను, వదిలేస్తా.

మా సైట్ ఒకటి వైర్ లాగే స్టేజ్‌లో ఉన్నప్పుడు మనుషులు చాలట్లేదని నాలుగు చోట్ల చెప్పి ఉంచా. ఒకే రోజు ఇద్దరి మెసేజ్‌లు వచ్చాయి. ఒకతను అన్ని పనులూ వచ్చని, చాలా ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ అని, కష్టపడి పని చేస్తానని పొడుగ్గా రాశాడు. ఇంకో అబ్బాయి మూడే లైన్లు పెట్టాడు: వైర్ లాగడం, బోర్డులు బిగించడం వచ్చు, డీబీ రాదు నేర్చుకోవాలని ఉంది, రేపటి నుంచి రాగలను. నేను ఫోన్ చేసింది ఆ రెండో అబ్బాయికే. ఫోన్‌లో ఒకటే అడిగా, పైపులో స్ప్రింగ్ ఇరుక్కుంటే ఏం చేస్తావని. వైర్ లాగడానికి ముందు పైపులోంచి తోస్తాం కదా ఆ స్ప్రింగ్ గురించే. అతను ఆలోచించకుండా చెప్పాడు, "ముందు అవతలి బాక్స్ నుంచి తోసి చూస్తా సార్, అక్కడా ఆగిపోతే ఎంత లోపలికి వెళ్లిందో స్ప్రింగ్ మీద గుర్తు పెట్టి బయటకి లాగి గోడ మీద కొలుస్తా, సాధారణంగా అది బెండ్ దగ్గరే ఉంటుంది, సిమెంట్ పాలు దిగి గట్టిపడి ఉంటాయి, మేస్త్రిని అడిగి అక్కడ గోడ తీస్తా" అని. ఇది చేసినవాడే చెప్పగలడు. మర్నాడు పనిలోకి రమ్మన్నా.

మొదటి అతనికి పని రాదని నేను అనట్లేదు, అతను నిజంగానే గట్టివాడై ఉండొచ్చు. అతని మెసేజ్‌లో అది తెలిసే దారి లేదు, అంతే.

రాని పని రాదని రాయడం గురించి విడిగా చెప్పాలి, చాలామంది దీనికే భయపడతారు. రాదు అంటే పని ఇవ్వరేమో అని. నా అనుభవంలో దీనికి ఉల్టా జరుగుతుంది. డీబీ ఉదాహరణే తీసుకోండి. కరెంట్ లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీలు రెండు ఉన్న డీబీలో ఒక సర్క్యూట్ ఫేజ్ ఒక ఆర్‌సీసీబీ నుంచి ఇచ్చి, దాని న్యూట్రల్ రెండో దాని న్యూట్రల్ లింక్‌లో కలిపేస్తే బిగించినప్పుడు ఏమీ తెలియదు, బయటకి అంతా చక్కగానే ఉంటుంది. ఆ సర్క్యూట్ మీద లోడ్ వేయగానే ట్రిప్ అవుతుంది. అప్పటికి రంగులు అయిపోయి ఓనర్ సామాను సర్దుకుంటూ ఉంటాడు. ఏ సర్క్యూట్ న్యూట్రల్ ఎక్కడ కలిసిందో ఒక్కొక్కటి విప్పి వెతకాలి, రోజంతా పోతుంది, మాట కూడా పోతుంది. వైరింగ్‌లో తెలియక తెలుసన్నందువల్ల మనిషి ప్రాణం మీదకి వచ్చే తప్పులు కూడా ఉంటాయి. అందుకే "ఇది ఒక్కడినే చేయలేదు" అని రాసినవాడు నాకు నిశ్చింత. అతన్ని ఎక్కడ పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో నాకు మొదటి రోజే తెలిసిపోయింది. పైగా ఆ ఒక్క లైన్ వల్ల పైన వచ్చు అని రాసిన పనుల మీద కూడా నమ్మకం కుదురుతుంది.

కాకపోతే రాని పనుల పెద్ద చిట్టా రాయకండి. మీరు అడుగుతున్న పనికి ఆనుకుని ఉన్న పై మెట్టు ఒక్కటి చెప్తే చాలు, మీ విషయంలో అది డీబీ.

"కష్టపడతాను, నిజాయితీగా ఉంటాను, ఒక్క అవకాశం ఇవ్వండి" ఇవి తీసేయండి. అబద్ధమని కాదు, అందరూ అవే రాస్తారు కాబట్టి చదివేవాళ్ల కళ్లు వాటి మీద ఆగవు. వాటి బదులు పనిముట్లు ఉన్నాయా, ఎప్పటి నుంచి రాగలరు, ఎక్కడ ఉంటారు ఇవి రాస్తే ఆయన సైట్‌కి మీరు ఎంత దూరమో, రేపు పిలిస్తే వస్తారో రారో తేలిపోతుంది. ఇంట్లో కష్టాలు ఉంటే అవి నిజమే అయినా మొదటి మెసేజ్‌లో వద్దు. చదివినవాడికి జాలి కలుగుతుంది గానీ ఏ పనికి పిలవాలో తెలియదు.

మేస్త్రి పేరు రాసేముందు ఆయన్ని అడగండి. "సార్‌కి మెసేజ్ పెడుతున్నా, మీ పేరు చెప్పొచ్చా" అని. ఎందుకంటే చాలాసార్లు కాంట్రాక్టర్ మీకు రిప్లై ఇచ్చే ముందు ఆయనకే ఫోన్ చేస్తాడు, నేనైతే తప్పకుండా చేస్తా. అప్పుడు ఆయన "ఎవరూ... ఆ వాడా, ఎందుకు అడుగుతున్నారు" అని తడబడితే మీకే నష్టం. ముందే చెప్పి ఉంటే "అవును, మా దగ్గర చేశాడు, వైర్ లాగడంలో మంచోడు" అని నోటి వెంట వచ్చేస్తుంది. ఆ ఒక్క మాట మీ మెసేజ్ మొత్తం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక ఫోన్‌లో సెట్టింగ్స్ వల్ల జరిగే గొడవలు కొన్ని ఉన్నాయి, ఇవి చాలామందికి తెలియవు.

ఒకటి, వేరేవాళ్లు మీకు పంపిన మెసేజ్‌ని కాంట్రాక్టర్‌కి ఫార్వర్డ్ కొడితే పైన ఫార్వర్డ్ అయిందని గుర్తు వస్తుంది. అది చూడగానే మీరు సొంతంగా రాసింది కాదని అర్థమైపోతుంది. కాపీ చేసి పేస్ట్ చేయండి, చేసి ఆ కాంట్రాక్టర్‌కి తగ్గట్టు ఒక లైన్ మార్చండి. పేస్ట్ చేశాక పైనుంచి కిందకి ఒకసారి చదవండి, ఒక సార్‌కి పంపాల్సిన దాంట్లో ఇంకో సార్ పేరు మిగిలిపోయిన మెసేజ్‌లు నాకు వచ్చాయి.

రెండు, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టి పది మందికి ఒకేసారి పంపుదాం అనుకోకండి. అవతలివాళ్లు మీ నంబర్ సేవ్ చేసుకుని ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వాళ్లకి చేరుతుంది. మీ నంబర్ కొత్త కాబట్టి అది ఎవరికీ చేరదు, మీరేమో ఎవరూ పట్టించుకోలేదని బాధపడుతుంటారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కొంతమంది ఫోన్‌లో మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్ అయి ఉంటుంది, ప్రైవసీలో డీఫాల్ట్ టైమర్ అని ఉంటుంది చూడండి. అది ఆన్‌లో ఉంటే మీరు కొత్తగా మొదలుపెట్టే ప్రతి చాట్‌కీ అదే వర్తిస్తుంది, 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మెసేజ్ పోతుంది. కాంట్రాక్టర్‌కి ఇవాళ మనిషి అవసరం లేకపోయినా రెండు వారాల తర్వాత అవసరం పడొచ్చు, అప్పుడు వెతికితే మీ చాట్‌లో ఏమీ ఉండకపోవచ్చు. పంపే ముందు అది ఆఫ్ చేయండి.

ప్రొఫైల్ ఫొటో కూడా కాంటాక్ట్స్‌కి మాత్రమే అని పెట్టుకుని, ఆయన నంబర్ మీ ఫోన్‌లో సేవ్ చేసుకోకపోతే ఆయనకి ఖాళీ బొమ్మ కనబడుతుంది. పని వెతికే రోజుల్లో అందరికీ కనబడేలా పెట్టండి, మొహం స్పష్టంగా ఉన్న మామూలు ఫొటో చాలు. ప్రొఫైల్ పేరు కూడా సొంత పేరే ఉండాలి, సినిమా డైలాగులు, బిరుదులు ఉంటే ఆయన ఏమని సేవ్ చేసుకోవాలి.

ఆ వెతకడం అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం. నాకు మనిషి కావాల్సి వచ్చినప్పుడు నేను మొదట చేసేది వాట్సాప్‌లో వెతకడమే, పైన సెర్చ్‌లో పని పేరు కొడతా. పాత మెసేజ్‌లలో ఆ మాట ఉన్నవన్నీ వస్తాయి. అంటే ఇవాళ రిప్లై రాని మెసేజ్ కూడా తర్వాత ఎప్పుడో దొరకాలంటే అందులో పని పేరు ఉండాలి. ఇక్కడ చిక్కేమిటంటే సెర్చ్ అక్షరాలనే చూస్తుంది. మీరు తెలుగులో "వైరింగ్" అని రాసి, ఆయన ఇంగ్లీష్ అక్షరాల్లో `wiring` అని కొడితే మీది రాదు. అందుకని ఆఖర్న పేరు దగ్గర ఇంగ్లీష్ అక్షరాల్లో `electrician helper, wiring` అని ఒక్క ముక్క పెట్టేయండి. రెండు రకాలుగానూ దొరుకుతారు.

వాయిస్ మెసేజ్ పెట్టమంటారా అని చాలామంది అడుగుతుంటారు. రాయడం కష్టంగా ఉన్నవాళ్లు పెట్టొచ్చు, తప్పేం లేదు, కానీ దాని ఇబ్బందులు తెలుసుకుని పెట్టండి. లిస్ట్‌లో మైకు బొమ్మా, ఎన్ని సెకన్లో మాత్రమే కనబడతాయి, విషయం కనబడదు. సైట్‌లో డ్రిల్లింగ్ మోతలో వినలేడు. పని పేరు కొట్టి వెతికితే దొరకదు. అందుకని వాయిస్ పెట్టినా ముందు ఒక లైన్ టైప్ చేయండి లేదా ఎవరితోనైనా చేయించండి: పేరు, పని, ఏరియా. వాయిస్ అర నిమిషం దాటకూడదు. పీడీఎఫ్ బయోడేటాది కూడా అదే కథ, చిన్న కాంట్రాక్టర్ దాన్ని తెరవడు, అడిగితే పంపండి. ముందు మెసేజ్ పెట్టకుండా వాట్సాప్ కాల్ చేయడం అస్సలు వద్దు, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టుకునే సెట్టింగ్ ఉంది, చాలామంది అది వాడతారు.

ఫొటోలు మాత్రం పనికొస్తాయి, మీరు చేసిన పనివి అయితే. రెండు చాలు. అవి మెసేజ్ కన్నా ముందు పంపాలి, ఎందుకంటే ఆఖరున కనబడాల్సింది మెసేజ్. లేదంటే ఫొటోకి క్యాప్షన్‌గానే మెసేజ్ మొత్తం పెట్టేయండి. ఏ ఫొటోలు అంటే మూత బిగించక ముందు బోర్డు వెనక వైర్లు ఎలా సర్దారో చూపించేది, గోడ కటింగ్‌లో పైపు లైన్ నిటారుగా వచ్చింది చూపించేది. మూత బిగించిన బోర్డు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది, దాంట్లో నాకేం తెలియదు. మూత లోపల వైరు ఎంత వదిలారు, ఇన్సులేషన్ ఎంత ఒలిచారు, టెర్మినల్ బయట రాగి కనబడుతోందా, ఇవే చూస్తా. నెట్‌లో దొరికిన ఫొటో పెడితే ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు, ఈ బాక్స్‌లోకి ఎన్ని పైపులు వచ్చాయి, ఇక్కడ ఈ వైర్ ఎందుకు ఇలా తిప్పారు అంటే చేసినవాడికే తెలుస్తుంది. ఇంటివాళ్ల మనుషులు, సామాన్లు, ఇంటి నంబరు ఫొటోలో పడకుండా చూడండి, ఆ ఇంటి ఫొటో అలా బయటకి పోవడం ఏ కాంట్రాక్టర్‌కీ నచ్చదు, రేపు నా సైట్‌ది కూడా ఇలాగే పంపుతాడనుకుంటాడు.

టైమ్ విషయంలో, పొద్దున్నే వద్దు. ఆ గంటలో ఎవరు ఏ సైట్‌కి వెళ్లాలి, ఎవరు రాలేదు అని ఫోన్లు నడుస్తుంటాయి, మీ మెసేజ్ వాటి కింద పడిపోతుంది. మధ్యాహ్నం భోజనం టైమ్ గానీ, పని దిగాక సాయంత్రం గానీ పెట్టండి. రాత్రి పొద్దుపోయాక వద్దు.

నీలి టిక్‌లు పడి రిప్లై రాకపోతే వద్దన్నట్టు కాదు. చూసి, తర్వాత చేద్దాం అని మర్చిపోవడమే ఎక్కువ. మూడు నాలుగు రోజులు ఆగి ఒక్కసారి మళ్లీ పెట్టండి, కానీ "సార్ ఏమైంది" అని కాదు. ఆ మెసేజ్ కూడా విడిగా చదివినా అర్థమయ్యేలా ఉండాలి:

> నమస్తే సార్, వైరింగ్ హెల్పర్‌ని, మంగళవారం మెసేజ్ పెట్టాను. ప్రస్తుతం ఖాళీగానే ఉన్నా, ఒక రోజు ముందు చెప్తే సైట్‌కి వచ్చేస్తా.

దానికీ రాకపోతే వదిలేసి వేరేవాళ్లని అడగండి. మళ్లీ ఎప్పుడైనా కొత్త సంగతి ఉంటే, అంటే డీబీ పని నేర్చుకున్నారనుకోండి, అప్పుడు పెట్టొచ్చు. మధ్యలో వేరే చోట పనికి కుదిరితే అది కూడా ఒక లైన్ చెప్పేయండి, పిలిచినప్పుడు లేరనిపించుకోవడం కన్నా నయం, అలా చెప్పినవాళ్లని నేను గుర్తు పెట్టుకుంటా.

రిప్లై వచ్చినప్పుడు చాలామంది జారిపోయేది కూలీ దగ్గర. "ఎంత తీసుకుంటావ్" అని అడిగితే "మీ ఇష్టం సార్" అంటారు. మర్యాదగానే అంటారు కానీ దానివల్ల మొదటి వారం చివర ఇద్దరికీ మనస్పర్థలు వస్తాయి. మొదటి మెసేజ్‌లో కూలీ రాయనక్కర్లేదు, అడిగినప్పుడు మాత్రం సూటిగా చెప్పండి: "ఇంతకు ముందు చేసిన చోట రోజుకి ఇంత ఇచ్చేవారు సార్, అంత ఇస్తే చాలు. ఒక రోజు పని చూసి మీరు చెప్పండి." నిజంగా వచ్చేదే చెప్పండి, ఎలాగూ మీ మేస్త్రిని అడిగితే తెలిసిపోతుంది. "ప్రస్తుతం పని లేదు" అని వస్తే "సరే సార్, అవసరమైతే ఇదే నంబర్‌కి చెప్పండి" అని ఊరుకోండి, బతిమాలొద్దు. నంబర్ మార్చకండి.

ఐడీ కార్డు, బ్యాంకు వివరాలు చాట్‌లో ముందే పంపకండి. పనిలో చేరాక అడిగితే వేరే సంగతి. పని ఇప్పిస్తా, ముందు డబ్బు కట్టు అనేవాడు కాంట్రాక్టర్ కాదు, ఆ నంబర్ బ్లాక్ చేసేయండి.

నేను చెప్పిందంతా చిన్న కాంట్రాక్టర్లకి, పది మంది లోపు మనుషులతో ఓనరే ఫోన్ చూసుకునే చోటికి వర్తిస్తుంది. పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ నంబర్ అయితే వాళ్లు బయోడేటా, సర్టిఫికెట్లు అడుగుతారు, అక్కడ ఈ పద్ధతి కుదరదు. వైరింగ్ బదులు ప్లంబింగ్, పెయింటింగ్, టైల్స్ పని అయితే పనుల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. షాపులో పని అయితే బిల్లింగ్ వచ్చా, కౌంటర్‌లో నిలబడ్డారా, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా ఉండగలరు ఇవి పై లైన్‌లోకి రావాలి, ఎందుకంటే షాపు ఓనర్‌కి ముందు కావాల్సింది టైమ్.

"రేపు సైట్‌కి రా" అని వచ్చిందనుకోండి, "ఓకే సార్" అని వదిలేయకుండా మూడు అడగండి: లొకేషన్ పెట్టమని, ఎన్నింటికి రావాలో, ఏ పనిముట్లు తెచ్చుకోవాలో. ఆ రోజు పనికి కూలీ ఉంటుందా, ఊరికే చూడటానికి పిలిచారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి, తప్పుగా ఏమీ అనుకోరు. టెస్టర్, కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్లు, టేపు, మార్కర్ ఎలాగూ సంచిలో వేసుకోండి. మీరు డీబీ నేర్చుకోవాలనుకుంటున్నారు కాబట్టి ఫిట్టింగ్ స్టేజ్ సైట్‌కి వేయమని అడగొచ్చు, అయితే ఆ మాట మొదటి రోజు కాదు, ఆయన మీ పని ఒక వారం చూశాక అడగండి.